832 అమ్మినా నష్టమే: మూడు ఉత్పత్తుల బ్రేక్ ఈవెన్ లెక్క, ఒక కేస్ స్టడీ

ఆఫీసులకు లోహపు ఫర్నిచర్ తయారు చేసే ఒక చిన్న కర్మాగారం ఇది. కుర్చీలు, బల్లలు, ఫైల్ క్యాబినెట్లు అనే మూడు వస్తువులే దాని ఉత్పత్తులు. నెలకు 600 వస్తువులు అమ్మితే ఖర్చులన్నీ గిట్టుబాటవుతాయని అంతకుముందే ఒక లెక్క వేసి పెట్టుకున్నారు. ఒక నెల 832 వస్తువులు అమ్ముడయ్యాయి. అమ్మకాల విలువ కూడా బ్రేక్ ఈవెన్ విలువను, అంటే లాభమూ నష్టమూ లేకుండా ఖర్చులు సరిగ్గా తీరే అమ్మకాల మొత్తాన్ని దాటింది. అయినా నెలాఖరు ఖాతాలో 37,000 నష్టం తేలింది. యజమాని మొదట అకౌంటెంటును అనుమానించారు, ఆ తర్వాత దొంగతనం జరిగిందేమోనని సరుకు లెక్కపెట్టించారు. రెండింటిలోనూ ఏ లోపమూ దొరక్కపోవడంతో లెక్క చూడమని నన్ను పిలిచారు.

వ్యాపారాన్ని గుర్తుపట్టే వివరాలు తీసేసి, అంకెలను గుండ్రం చేసి ఇక్కడ రాస్తున్నాను. మొత్తాలు ఏ కరెన్సీలో ఉన్నా లెక్క మారదు కాబట్టి కరెన్సీ పేరు వదిలేశాను.

యూనిట్ కాంట్రిబ్యూషన్ తేల్చడం

ఒక్కో వస్తువు అమ్మకం ధరలోంచి, ఆ వస్తువు తయారైనందువల్లే పెరిగే ఖర్చును, అంటే చర వ్యయాన్ని తీసేస్తే మిగిలేది కాంట్రిబ్యూషన్. అద్దె, జీతాలు, వడ్డీ లాంటి స్థిర వ్యయాలను తీర్చేది ఈ మొత్తమే. అవి తీరాక మిగిలితే లాభం. లెక్క అంతా దీని మీదే నిలబడుతుంది కాబట్టి ముందు ఇదే సరిచూశాను.

కుర్చీ చర వ్యయం యజమాని పట్టికలో 980గా ఉంది. విడదీసి చూస్తే స్టీలు గొట్టం 410, సీటు ఫోము, గుడ్డ కలిపి 215, పౌడర్ కోటింగ్ 95, పీసు రేటు కూలి 120, రవాణా 60. ఇవి కలిపితే 900. మిగిలిన 80 ఏమిటని అడిగితే, అది సూపర్‌వైజర్ జీతంలో ఒక్కో కుర్చీకి పడే వాటా అన్నారు. సూపర్‌వైజర్ జీతం వంద కుర్చీలు చేసినా, ఐదు వందలు చేసినా మారదు. స్థిర వ్యయాన్ని ఇలా యూనిట్లకు పంచి చర వ్యయంలో కలిపితే కుర్చీ కాంట్రిబ్యూషన్ 300కు బదులు 220గా కనిపిస్తుంది. పైగా ఆ జీతం స్థిర వ్యయాల జాబితాలో కూడా ఉంది, అంటే రెండుసార్లు లెక్కకు వచ్చింది. 600 అనే పాత లెక్కను వేసినవారు ఈ పట్టిక వాడకుండా బిల్లుల నుంచి నేరుగా తీసుకున్నారు కాబట్టి అది చెడిపోలేదు.

ధర దగ్గర కూడా ఒక జాగ్రత్త ఉంది. ధరల పట్టికలో ఉన్న ధర కాకుండా, తగ్గింపులు పోయాక నిజంగా చేతికొచ్చే ధరనే తీసుకోవాలి. ఇక్కడ బిల్లుల నుంచి తీసిన నికర ధరలు ఇలా ఉన్నాయి.

| వస్తువు | నికర ధర | చర వ్యయం | యూనిట్ కాంట్రిబ్యూషన్ | ధరలో శాతం |
|---|---|---|---|---|
| కుర్చీ | 1,200 | 900 | 300 | 25 |
| బల్ల | 3,000 | 2,100 | 900 | 30 |
| క్యాబినెట్ | 5,000 | 3,000 | 2,000 | 40 |

నెలసరి స్థిర వ్యయాలు మొత్తం 3,90,000.

600 అనే అంకె ఎక్కడి నుంచి వచ్చింది

ఒకే వస్తువు అమ్మే వ్యాపారంలో స్థిర వ్యయాన్ని యూనిట్ కాంట్రిబ్యూషన్‌తో భాగిస్తే సరిపోతుంది. మూడు వస్తువులుంటే దేనితో భాగించాలి? కుర్చీ ఇచ్చే 300తోనా, క్యాబినెట్ ఇచ్చే 2,000తోనా? నిజానికి బ్రేక్ ఈవెన్ అనేది ఇక్కడ ఒక్కటే బిందువు కాదు. 1,300 కుర్చీలు మాత్రమే అమ్మినా 3,90,000 వస్తుంది, 195 క్యాబినెట్లు మాత్రమే అమ్మినా అంతే వస్తుంది. ఈ రెండింటి మధ్య లెక్కలేనన్ని కలయికలున్నాయి. వాటిలోంచి ఒక్కదాన్ని ఎంచుకోవాలంటే, మూడు వస్తువులూ ఏ నిష్పత్తిలో అమ్ముడవుతాయో ముందే అనుకోవాలి. ఆ నిష్పత్తినే అమ్మకాల మిశ్రమం, వాడుకలో సేల్స్ మిక్స్ అంటారు.

గత సంవత్సరపు బిల్లుల ప్రకారం ఈ కర్మాగారంలో ప్రతి పది వస్తువుల్లో ఆరు కుర్చీలు, మూడు బల్లలు, ఒక క్యాబినెట్. ఇది సహజంగా ఏర్పడిన నిష్పత్తే. ఒక గది అమర్చుకునేవారు బల్లతో పాటు రెండు కుర్చీలు తీసుకుంటారు, మూడు బల్లలకు ఒక క్యాబినెట్ సరిపోతుంది. నెలనెలా చూసినా పెద్దగా ఊగిసలాట లేదు. మిశ్రమాన్ని స్థిరమని అనుకోవచ్చా లేదా అన్నది ఇలాంటి కారణం కనబడినప్పుడే ధైర్యంగా చెప్పగలం. వార్షిక సగటు మాత్రమే చూసి 6:3:1 అనేస్తే, ఆరు నెలలు అన్నీ కుర్చీలే, ఆరు నెలలు అన్నీ బల్లలు, క్యాబినెట్లే అమ్మిన వ్యాపారం కూడా అదే సగటు చూపించవచ్చు.

ఇప్పుడు ఆ పది వస్తువులను ఒక సెట్టుగా అనుకుందాం. ఆరు కుర్చీల నుంచి 1,800, మూడు బల్లల నుంచి 2,700, ఒక క్యాబినెట్ నుంచి 2,000 వస్తాయి. సెట్టు కాంట్రిబ్యూషన్ 6,500. దాన్ని పదితో భాగిస్తే యూనిట్‌కు 650. ఇదే వెయిటెడ్ యావరేజ్ కాంట్రిబ్యూషన్, అంటే అమ్మకాల్లో ఒక్కో వస్తువుకున్న వాటాను లెక్కలోకి తీసుకున్న సగటు. ఆ వాటాలనే బరువులు అంటారు.

```
650 = (0.6 × 300) + (0.3 × 900) + (0.1 × 2,000)
3,90,000 ÷ 650 = 600
```

600 వస్తువులంటే 60 సెట్లు: 360 కుర్చీలు, 180 బల్లలు, 60 క్యాబినెట్లు. సరిచూసుకుంటే కుర్చీల నుంచి 1,08,000, బల్లల నుంచి 1,62,000, క్యాబినెట్ల నుంచి 1,20,000, మొత్తం సరిగ్గా 3,90,000. ఈ సరిచూడటం మాత్రం ఎప్పుడూ వదలకూడదు. వచ్చిన జవాబును వస్తువులవారీగా విడదీసి, మళ్ళీ కాంట్రిబ్యూషన్ కూడి, స్థిర వ్యయానికి సమానమవుతుందో లేదో చూడాలి. బరువుల విషయంలో జరిగే తప్పులన్నీ అక్కడే బయటపడతాయి.

విలువలో చెప్పాలంటే ఒక సెట్టు అమ్మకం 21,200. 60 సెట్లకు 12,72,000. ఇది అమ్మకాల విలువలో బ్రేక్ ఈవెన్.

అంటే పాత లెక్కలో తప్పేమీ లేదు.

బరువులు తారుమారైతే

ఈ లెక్కలో నేను తరచుగా చూసే రెండు తప్పులు ఉన్నాయి. మొదటిది, మూడు కాంట్రిబ్యూషన్లను కూడి మూడుతో భాగించడం. అలా చేస్తే 1,067 వస్తుంది, బ్రేక్ ఈవెన్ 366 యూనిట్లని తేలుతుంది. 6:3:1 మిశ్రమంలో 366 యూనిట్లు తెచ్చే కాంట్రిబ్యూషన్ 2,37,900 మాత్రమే. లక్షన్నరకు పైగా నష్టంలో ఉన్నప్పుడు గిట్టుబాటైందని సంబరపడతారన్నమాట.

రెండోది అంత సులభంగా కనబడదు. బరువులు రెండు రకాలు. యూనిట్ల సంఖ్యలో వాటా ఒకటి, అమ్మకాల విలువలో వాటా ఇంకొకటి. ఈ కర్మాగారంలో కుర్చీలు సంఖ్యలో 60 శాతం ఉన్నా, విలువలో 34 శాతమే. యూనిట్ కాంట్రిబ్యూషన్‌కు యూనిట్ల వాటానే బరువుగా వాడాలి. కాంట్రిబ్యూషన్ శాతానికి విలువ వాటానే వాడాలి. ఇవి తారుమారైతే జవాబు నమ్మదగినట్టే కనిపిస్తుంది కానీ తప్పు. ఉదాహరణకు 25, 30, 40 శాతాలకు 0.6, 0.3, 0.1 బరువులు వేస్తే 28 శాతం వస్తుంది. అసలైనది 6,500ను 21,200తో భాగించగా వచ్చే 30.66 శాతం. 28తో లెక్కేస్తే బ్రేక్ ఈవెన్ విలువ 13,92,857 అవుతుంది. ఇది నిజమైన 12,72,000 కన్నా లక్షా ఇరవై వేలు ఎక్కువ. నేను అందుకే వీలైనంతవరకు సెట్టు పద్ధతిలోనే లెక్కిస్తాను. ఒక సెట్టు అమ్మితే ఎంత వస్తుంది, ఎంత మిగులుతుంది అని అడిగితే బరువుల గందరగోళం రానే రాదు.

భాగిస్తే పూర్ణసంఖ్య రానప్పుడు పై అంకెకు సవరించాలి, అదీ ప్రతి వస్తువుకు విడివిడిగా. స్థిర వ్యయం 4,10,000 అయి ఉంటే 630.8 యూనిట్లు వచ్చేవి. అప్పుడు 379 కుర్చీలు, 190 బల్లలు, 64 క్యాబినెట్లు అని చెప్పాలి. మొత్తం 633 అయినా ఇబ్బంది లేదు.

ఆ నెలలో నిజంగా జరిగినది

నష్టం వచ్చిన నెలలో 700 కుర్చీలు, 110 బల్లలు, 22 క్యాబినెట్లు అమ్ముడయ్యాయి. మొత్తం 832. విలువ 12,80,000. రెండూ బ్రేక్ ఈవెన్ కన్నా ఎక్కువే. కాంట్రిబ్యూషన్ మాత్రం కుర్చీల నుంచి 2,10,000, బల్లల నుంచి 99,000, క్యాబినెట్ల నుంచి 44,000, మొత్తం 3,53,000. స్థిర వ్యయాలకు 37,000 తక్కువ. దొరకని సొమ్ము ఎక్కడికీ పోలేదు, అసలు రానే లేదు.

అదే 832 వస్తువులు పాత మిశ్రమంలో అమ్ముడై ఉంటే యూనిట్‌కు 650 చొప్పున 5,40,800 వచ్చేది. అంటే లక్షన్నర లాభం. యజమాని మనసులో ఉన్నది ఈ అంకే. దానికీ వాస్తవానికీ మధ్య తేడా 1,87,800. ఈ మొత్తమంతా మిశ్రమం మారడం వల్లే వచ్చింది, ధరలో గానీ ఖర్చులో గానీ ఒక్క పైసా మార్పు లేదు. వస్తువులవారీగా చూస్తే, పాత నిష్పత్తి ప్రకారం 832లో కుర్చీలు సుమారు 499 ఉండాలి, 201 ఎక్కువ అమ్మారు. వాటి నుంచి 60,240 అదనంగా వచ్చింది. బల్లలు 250 ఉండాల్సింది 110 ఉన్నాయి, అక్కడ 1,25,640 పోయింది. క్యాబినెట్లు 83 ఉండాల్సింది 22 ఉన్నాయి, అక్కడ 1,22,400 పోయింది.

ఆ నెల మిశ్రమానికి బ్రేక్ ఈవెన్ ఎంత అని అడిగితే, సగటు కాంట్రిబ్యూషన్ 424కు పడిపోయింది కాబట్టి 920 యూనిట్లు కావాలి. విలువలో 14,14,000 పైచిలుకు. యజమాని 600 గీత వైపు చూస్తుంటే, గీత 920 దగ్గరికి జరిగిపోయింది.

మిశ్రమం ఎందుకు మారింది

ఇంతవరకూ కాగితం మీద లెక్క. మిశ్రమం మారిందని చెప్పి వదిలేస్తే అది సగం జవాబే. ఆర్డర్ల పుస్తకం తిరగేస్తే, ఆ నెల ఒకే కొనుగోలుదారు నుంచి 400 కుర్చీల ఆర్డరు కనిపించింది. ధర తగ్గించలేదు, మామూలు 1,200కే ఇచ్చారు. "ధర తగ్గించకుండా తెచ్చిన ఆర్డరండీ, దానివల్ల నష్టం ఎలా వస్తుంది?" అని యజమాని అడిగారు. న్యాయమైన ప్రశ్న.

జవాబు పౌడర్ కోటింగ్ విభాగంలో ఉంది. మూడు వస్తువులూ ఒకే ఓవెన్‌లోంచి వెళ్ళాలి. ఓవెన్ లాగ్‌బుక్‌లో ఆ నెల రెండు, మూడు వారాల పేజీలు చూస్తే, వరుసగా కుర్చీల బ్యాచ్‌లే. బల్లలు, క్యాబినెట్లు వెల్డింగ్ అయిపోయి షెడ్డులో గోడవారగా పేరుకుపోయాయి. వేచి ఉండలేని పాత కొనుగోలుదారులు ఆర్డర్లు రద్దు చేసుకున్నారు. గదికి కావలసిన సామాను మొత్తం ఒకేచోట కొనేవారు కాబట్టి, బల్ల లేదంటే కుర్చీ కూడా వద్దన్నారు.

అందువల్ల సరైన పోలిక పెద్ద ఆర్డరు లేని సగటు నెలతో. సగటు నెలలో 396 కుర్చీలు, 198 బల్లలు, 66 క్యాబినెట్లు వెళ్ళేవి. అంటే 66 సెట్లు. వాటి కాంట్రిబ్యూషన్ 4,29,000, లాభం 39,000. పెద్ద ఆర్డరు వచ్చిన నెలలో మామూలు అమ్మకాలు 300, 110, 22కు తగ్గాయి. కుర్చీల్లో 28,800, బల్లల్లో 79,200, క్యాబినెట్లలో 88,000 కాంట్రిబ్యూషన్ పోయింది. మొత్తం 1,96,000. పెద్ద ఆర్డరు తెచ్చింది 1,20,000. తేడా 76,000. లాభం 39,000 నుంచి నష్టం 37,000కు జారడానికి సరిగ్గా ఈ 76,000 సరిపోతుంది.

ఈ తేడాను 400 కుర్చీలకు పంచితే ఒక్కోదానికి 190. అంటే ఆ పరిస్థితుల్లో ఆ ఆర్డరును 1,390కి ఇచ్చి ఉంటేనే సగటు నెల లాభమైనా నిలిచేది. 300 మిగులుతుందని చూసిన కుర్చీ, ఓవెన్‌లో తాను ఆక్రమించిన చోటు ఖరీదు కలిపితే, మిగల్చకపోగా తీసుకుపోయింది.

ఒక్కసారికి వచ్చే ఇలాంటి పెద్ద ఆర్డరును మిశ్రమంలో కలపకూడదు. కలిపితే 84:13:3 అనే నిష్పత్తి వస్తుంది. అది వచ్చే నెలకు పనికిరాదు. ఆ ఆర్డరు కాంట్రిబ్యూషన్‌ను ముందుగా స్థిర వ్యయంలోంచి తీసేసి, మిగిలినదానికి మామూలు మిశ్రమంతో బ్రేక్ ఈవెన్ కట్టాలి. 3,90,000లోంచి 1,20,000 పోగా 2,70,000. దాన్ని 650తో భాగిస్తే 416 యూనిట్లు. ఈ లెక్క ముందే వేసి ఉంటే, పెద్ద ఆర్డరు తీసుకున్నాక కూడా మామూలు మిశ్రమంలో 416 వస్తువులకు ఓవెన్ సమయం మిగలాలని స్పష్టంగా తెలిసేది. వారు మామూలుగా 432 అమ్మారు, సంఖ్య దాటింది. కానీ ఆ 432లోనూ కుర్చీలే 300. వాటి కాంట్రిబ్యూషన్ 2,33,000. కావలసిన 2,70,000కు 37,000 తక్కువ. నష్టం అంకె ఎటు తిప్పి లెక్కించినా అదే వస్తోందని గమనించండి.

క్యాబినెట్లు ఆపేద్దామా

చర్చ మధ్యలో యజమాని ఇంకో ప్రతిపాదన తెచ్చారు. పదిలో ఒక్కటే అమ్ముడయ్యే క్యాబినెట్ల కోసం షీటు వంచే యంత్రాన్ని అద్దెకు తెచ్చారు. దాని అద్దె నెలకు 70,000. క్యాబినెట్లు ఆపేస్తే ఆ అద్దె మిగులుతుంది కదా అన్నారు. వారి అకౌంటెంటు స్థిర వ్యయాలను మూడు వస్తువులకు పంచి, ఒక్కోదానికి విడి బ్రేక్ ఈవెన్ కట్టిన కాగితం కూడా చూపించారు. సమానంగా పంచితే క్యాబినెట్లకు 65 కావాలి. సగటు నెలలో అమ్మేది 66. ఒక్క క్యాబినెట్ తేడాతో ఒడ్డున పడుతున్నట్టు కనిపిస్తుంది. అదే స్థిర వ్యయాన్ని అమ్మకాల విలువ ప్రకారం పంచితే 46 చాలు. పంచే పద్ధతి మారిస్తే జవాబు మారిపోతోందంటే, ఆ జవాబు వ్యాపారం గురించి ఏమీ చెప్పడం లేదు, పంచిన పద్ధతి గురించే చెబుతోంది. వెయిటెడ్ యావరేజ్ లెక్కలో మూడింటికీ చెందిన ఖర్చును అసలు పంచాల్సిన పనే లేదు. దాని బలం అక్కడే ఉంది.

ఇక క్యాబినెట్లు ఆపడం. స్థిర వ్యయం 3,20,000కు తగ్గుతుంది. మిగిలిన ఆరు కుర్చీలు, మూడు బల్లల కాంట్రిబ్యూషన్ 4,500, యూనిట్‌కు 500. బ్రేక్ ఈవెన్ 640 యూనిట్లు. ఇప్పుడు 600లో కుర్చీలు, బల్లలు కలిపి 540. అంటే 70,000 మిగిల్చినా, మరో వంద కుర్చీలు, బల్లలు అదనంగా అమ్మాలి. 60 క్యాబినెట్లు ఇస్తున్నది 1,20,000, వాటి కోసమే పెడుతున్నది 70,000. నెలకు 35 క్యాబినెట్లకు తగ్గితేనే ఆ యంత్రం దండగ. ఈ 35 మాత్రం నికరమైన విడి బ్రేక్ ఈవెన్, ఎందుకంటే ఆ అద్దె క్యాబినెట్లు ఆపితే నిజంగానే ఆగిపోతుంది.

ఒక గీతకు బదులు మూడు

మిశ్రమం ఇంకెప్పుడూ మారదని ఎవరూ హామీ ఇవ్వలేరు. అందుకని ఒక అంకెకు బదులు మూడు మిశ్రమాలకు బ్రేక్ ఈవెన్ కట్టి ఇచ్చాను. బిల్లుల్లో మంచి నెలలు, చెడ్డ నెలలు చూసి ఎంచిన నిష్పత్తులివి.

| మిశ్రమం (కుర్చీ:బల్ల:క్యాబినెట్) | సగటు కాంట్రిబ్యూషన్ | బ్రేక్ ఈవెన్ యూనిట్లు | బ్రేక్ ఈవెన్ విలువ |
|---|---|---|---|
| 10:7:3 | 765 | 510 | 12,23,529 |
| 12:6:2 (మామూలు) | 650 | 600 | 12,72,000 |
| 14:5:1 | 535 | 729 | 13,41,308 |

ఇందులో చివరి రెండు నిలువు వరుసలు తేరిపార చూడాలి. యూనిట్లలో బ్రేక్ ఈవెన్ 510 నుంచి 729 వరకు, అంటే 40 శాతానికి పైగా సాగింది. విలువలో మాత్రం పది శాతం కూడా కదల్లేదు. కారణం, మూడు వస్తువుల కాంట్రిబ్యూషన్ శాతాలు 25, 30, 40 ఒకదానికొకటి దగ్గరగా ఉన్నాయి, యూనిట్ కాంట్రిబ్యూషన్లు 300, 900, 2,000 దూరంగా ఉన్నాయి. మూడింటి శాతమూ ఒకటే అయి ఉంటే మిశ్రమం ఎలా మారినా బ్రేక్ ఈవెన్ విలువ మారదు. కాబట్టి ధరల్లో చాలా తేడా ఉన్న వస్తువులు అమ్మేవారు యూనిట్ల గీత కన్నా విలువ గీతను పట్టుకోవడం మేలు. అయినా అది కూడా పూర్తి రక్షణ కాదు. 12,80,000 అమ్మి నష్టపోయిన నెల కళ్ళ ముందే ఉంది.

సగటు నెలలో 660 అమ్ముతున్న ఈ కర్మాగారానికి 600 గీత మీద మిగులు అమ్మకాల్లో 9 శాతమే. మిశ్రమం 14:5:1 వైపు జరిగితే ఆ మిగులంతా పోయి నష్టంలో పడుతుంది. అమ్మకాలు పడిపోవడం కన్నా ఈ ప్రమాదమే దగ్గరలో ఉందని నా అభిప్రాయం.

రోజువారీ బోర్డు

నెల నడుస్తుండగా మిశ్రమం ఎటు పోతోందో ముందుగా తెలియాలి. దానికి వెయిటెడ్ యావరేజ్ పనికిరాదు. అది ప్రణాళికకు పనికొచ్చే లెక్క, ముందు ఒక నిష్పత్తి అనుకుంటేనే నడుస్తుంది. నెల మొదలయ్యాక అనుకోవడం దేనికి, అమ్మినది కళ్ళ ముందే ఉంటుంది. అందుకని షెడ్డులో ఒక బోర్డు పెట్టించాను. డెలివరీ అయిన ప్రతి కుర్చీకి 300, బల్లకు 900, క్యాబినెట్‌కు 2,000 చొప్పున ఆ రోజు కాంట్రిబ్యూషన్, నెల మొదటి నుంచి మొత్తం రాస్తారు. నెలకు 26 పనిరోజులు కాబట్టి రోజుకు 15,000 రావాలి. వస్తువులు ఏ నిష్పత్తిలో వెళ్ళినా ఈ బోర్డు అబద్ధం చెప్పదు. మొత్తం 3,90,000 తాకిన రోజే నిజమైన బ్రేక్ ఈవెన్.

ఒక పరిమితి మాత్రం ఉంది. యూనిట్ కాంట్రిబ్యూషన్ మారితే బోర్డు మీద అంకెలూ మారాలి. స్టీలు ధర పెరిగినా, ఎవరికైనా తగ్గింపు ఇచ్చినా 300 అనే అంకె పాతబడుతుంది. అందుకని స్టీలు కొత్త బిల్లు వచ్చిన ప్రతిసారీ మూడు అంకెలనూ తిరిగి చూడమని అకౌంటెంటుకు చెప్పాను. అలాగే ఈ లెక్కంతా ఇప్పుడున్న షెడ్డు, ఇప్పుడున్న ఓవెన్ వరకే. రెండో ఓవెన్ కొన్న రోజున 3,90,000 స్థిర వ్యయం కాదు, మొదటి నుంచి కట్టాలి.

తర్వాత కొన్నాళ్ళకు 300 కుర్చీల ఆర్డరు మళ్ళీ వచ్చింది. ఈసారి ముందు ఓవెన్ సమయం లెక్కపెట్టారు. పగలు బల్లలు, క్యాబినెట్లు, మామూలు కుర్చీలు, రాత్రి అదనపు షిఫ్టులో ఆ 300. రాత్రి షిఫ్టు కూలి వల్ల ఒక్కో కుర్చీకి 40 ఖర్చు పెరిగి కాంట్రిబ్యూషన్ 260కి తగ్గింది. ఆర్డరు మొత్తం ఇచ్చినది 78,000. మామూలు అమ్మకాలు 380 కుర్చీలు, 181 బల్లలు, 63 క్యాబినెట్లు, వాటి నుంచి 4,02,900. రెండూ కలిపి 4,80,900, లాభం 90,900. బోర్డు మీద మొత్తం 22వ పనిరోజున 3,90,000 దాటింది. ఆ పూట అక్కడ ఎన్ని వస్తువులు అమ్ముడయ్యాయని యజమాని అడగలేదు, బల్లలు ఎన్ని బయటికి వెళ్ళాయని అడిగారు.